రెండో బెజ్జం

ఏ మిషన్ ఇంటికొచ్చినా నేను ముందు దాని బెజ్జాలు చూస్తాను. ఆ తర్వాతే స్విచ్చి, ఆ తర్వాతే అంకెలు. ఈమధ్య మా అమ్మాయి వేలికి తగిలించే ఆక్సీమీటర్ తెచ్చింది. ఎటు తిప్పినా దానికి ఒక్క బెజ్జం లేదు. బట్టల క్లిప్పులా నోరు తెరుస్తుంది, లోపల ఎర్రదీపం, వెనక బ్యాటరీల మూత, అంతే. దాంతోపాటు తెచ్చిన బీపీ మిషన్‌కి పక్కన గాలి గొట్టం బెజ్జం ఒకటి, వెనక అడాప్టర్ బెజ్జం ఒకటి ఉన్నాయి. మూడోది ఉందేమోనని కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతికాను. "ఏందమ్మా, దొంగసొత్తు సోదా చేసినట్టు చేస్తావు" అని మా అమ్మాయి నవ్వింది. నవ్వనీ. దానికి వాళ్ళ అమ్మమ్మ గురించి తెలిసింది తక్కువ.

మా నాన్నకి నరసరావుపేటలో రేడియో రిపేరు కొట్టు ఉండేది. అందరికీ రేడియో భాయ్. ఎనభైల్లో మా వీధుల్లోంచి చానామంది కుర్రాళ్ళు కువైట్ పోయారు. మేస్త్రీలు, డ్రైవర్లు, మెకానిక్కులు. ఒకరు సెలవుకొస్తున్నారంటే మిగతావాళ్ళంతా ఇళ్ళకి పంపేవి అతని నెత్తిన పెట్టేవాళ్ళు. అతనేం చేస్తాడు పాపం? కొత్త సామానని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటారని భయం, సంచిలో చోటు లేదని బాధ. అందుకని అట్టపెట్టెలన్నీ అక్కడే పారేసి, వాటితోపాటు వాడే పద్ధతి రాసిన కాయితాలూ పారేసి, వస్తువుల్ని చీరల మధ్య, సబ్బుల మధ్య కుక్కుకుని వచ్చేవాడు. సంచి విప్పితే నాలుగిళ్ళ వైర్లు ఒక్క చిక్కుముడి. ఏ అడాప్టర్ ఏ టేప్‌రికార్డర్‌దో, ఏ పిన్ను ఏ బెజ్జంలోకి పోతుందో ఎవడికీ తెలియదు. ఆ చిక్కుముడి నేరుగా మా నాన్న బల్ల మీదికి వచ్చేది.

ఆయనకి అదొక పండగ. చేతులు కడుక్కుని, తువ్వాల పరిచి, ఒక్కొక్కటీ విడదీసేవాడు. "బెజ్జం మధ్యలో పుల్ల ఉంటే కరెంటుది. బోలుగా ఉండి లోపల ఇత్తడి రేకు మెరిస్తే శబ్దానిది. బెజ్జం ఎప్పుడూ అబద్ధం చెప్పదు" అనేవాడు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో! ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు. ఆ మాట మీద.

మా మామ, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, కువైట్‌లో ఒక దవాఖానాలో పనిచేసేవాడు. అమ్మకి బీపీ ఉందని, వారం వారం మా వీధి చివర ఉండే డాక్టరు దగ్గర చూపించుకుంటోందని మామకి తెలుసు. ఆయన పెద్ద చదువు డాక్టరు కాదు, ఊళ్ళో సూది మందేసే డాక్టరే, కానీ హస్తవాసి మంచిది. పాదరసం పెట్టె తెరిచి, చేతికి పట్టీ చుట్టి, స్టెతస్కోపు మోచేతి మడతలో పెట్టి చూసేవాడు. అమ్మ ఆయన రాసిన మాత్రలు వేసుకునేది. బండి సాఫీగానే నడుస్తోంది. అయినా తమ్ముడికి ఆగుతుందా? అక్క అంత దూరం నడవడమెందుకని ఇంట్లోనే చూసుకునే బీపీ మిషన్ కొని, సెలవుకొస్తున్న మా వీధి అబ్బాయితో పంపాడు. జ్వరం చూసుకునే గాజు పుల్లలు కూడా రెండు పంపాడు.

నేనప్పుడు గురజాలలో పంతులమ్మని. శని, ఆదివారాలు ఇంటికొచ్చేదాన్ని. ఆ శనివారం నేను వచ్చేసరికి నాన్న కొట్లో సంచి విప్పి ఉంది. మాచవరం రైతు ఒకాయన కూడా వచ్చి కూర్చున్నాడు. వాళ్ళబ్బాయి పంపిన టేప్‌రికార్డర్ ఆ సంచిలోనే ఉంది. అమ్మ కొంగు బిగించి బల్ల పక్కన నిలబడింది, తన తమ్ముడి సొమ్ము ఎవరి పాలవుతుందోనని.

ముందు బీపీ మిషన్ బయటపడింది. పెద్ద సబ్బుపెట్టెంత ఉంటుంది. మీద అంకెల గాజు. దానికి మూడు బెజ్జాలు. లావుపాటిది ఒకటి, దాని పక్కనే సన్నది ఒకటి, వెనక ఇంకొకటి. చేతికి చుట్టే పట్టీకి రెండు గొట్టాలు, ఒకదాని చివర నొక్కే రబ్బరు బుడ్డి ఉంది. నాన్న రెండో గొట్టాన్ని లావు బెజ్జంలో పెట్టాడు. చక్కగా కూర్చుంది. "ఇది గాలికి" అన్నాడు. వెనకదాంట్లోకి టార్చి వేసి చూసి, "మధ్యలో పుల్ల ఉంది. అడాప్టర్‌ది" అన్నాడు. సన్నదాన్ని చూసి నవ్వాడు. "బోలు. ఇత్తడి రేకు. ఇది మనోడే, ఇయర్‌ఫోన్."

"బీపీ మిషన్‌కి ఇయర్‌ఫోన్ ఎందుకు నాన్నా? పాటలొస్తాయా?" అన్నాను.

"పంతులమ్మా, డాక్టరు చెవులకి గొట్టాలు పెట్టుకుని వింటాడా లేదా? దీంట్లో ఆ గొట్టాల బదులు ఇయర్‌ఫోన్ గుచ్చుకుంటాడు. మనకెందుకు? మనకి అంకెలే కనబడతాయి గదా."

నాకు సబబుగానే తోచింది. ఎవరికైనా అలాగే తోస్తుంది. పట్టీ లోపలివైపు చిన్న గుడ్డ జేబు ఒకటి కుట్టి ఉంది. దాంట్లో ఏమీ లేదు. "ఇదేందో?" అని నాన్న వేలు దూర్చి చూశాడు. "మాత్రలు పెట్టుకోడానికేమో లేవయ్యా. మా తమ్ముడు అన్నీ ఆలోచించే కొంటాడు" అంది అమ్మ. అందరం నవ్వాం.

చిక్కుముడి అడుగున ఒక బిళ్ళ ఉంది. అర్ధరూపాయి కంటే కాస్త పెద్దది, నల్లది, చదునుగా ఉంది. దానికి సన్నటి వైరు, వైరు చివర పిన్ను. అచ్చం ఇయర్‌ఫోన్ పిన్నే. నాన్న బిళ్ళని అటూ ఇటూ తిప్పాడు. "చెవిలో దూరే ముక్కు లేదు, చిల్లి లేదు. చెవి మీద ఆనించుకునే రకమై ఉంటుంది" అని టేప్‌రికార్డర్‌తో కలిపి మాచవరం రైతు చేతిలో పెట్టాడు. ఆ పక్కనే సన్న బెజ్జం ఖాళీగా ఉంది. బెత్తెడు దూరం. ఇద్దర్నీ ఒకే బల్ల మీద పెట్టి, ఎవరి దారిన వాళ్ళని పంపేశాం.

అసలు ముసలం పుట్టింది మాత్రం జ్వరం పుల్లల దగ్గర. రెండింట్లో ఒకదాని పాదరసం మూతి సన్నగా పొడుగ్గా ఉంది, రెండోదానిది పొట్టిగా, గుండ్రంగా బుడిపెలా ఉంది. "బుడిపెది పెద్దవాళ్ళకి, సన్నది పిల్లలకి" అన్నాడు నాన్న అన్నీ తెలిసినట్టు. అమ్మకి బుడిపెదే ముద్దొచ్చింది. మర్నాడు పొద్దున అది నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది, వీధంతా చూసేలా. అప్పుడే డాక్టరు సైకిల్ మీద పోతూ ఆగాడు.

"వదినా, నోట్లో ఏందది? ఏదీ, చూడనీ." తీసి చూసి, ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పొడుగు మూతిది నోట్లోకి. ఈ పొట్టి బుడిపెది పసిబిడ్డలకి, వెనక పక్క పెట్టేది! నోట్లో గాజు పగిలినా, అక్కడ గుచ్చుకున్నా ముప్పని వాటికి వేర్వేరు మూతులు పెట్టారు."

"ఛీ ఛీ ఛీ! పొద్దుటి నుంచీ నోట్లో పెట్టుకుని కూర్చున్నా గదయ్యా!" అని అమ్మ పుక్కిలించడానికి చెంబు కోసం పరిగెత్తింది. "కొత్తదేలే వదినా, ఇంకా ఎవరికీ పెట్టలా" అని ఆయన ఇంకా నవ్వాడు. పోయి టీకొట్టు దగ్గర చెప్పాడు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. "రేడియో భాయ్ ఎవరికి ఎక్కడ పెట్టాలో మా బాగా చెప్పాడు" అని పిల్లకాయలు కూడా అన్నారు. నాన్న రెండు రోజులు కొట్టు సగం తలుపు వేసుకుని కూర్చున్నాడు. అమ్మ డాక్టరు మీద పళ్ళు నూరింది. నాన్నని ఆమె రోజుకి పదిసార్లు తిట్టేది గానీ, బయటివాడు ఒక్క మాటంటే మాత్రం ఊరుకునే రకం కాదు.

నేను కూడా నవ్వాను. తప్పేముంది, నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వే మా కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

బీపీ మిషన్ మొదలుపెట్టాక సంగతి ఇదీ: పట్టీ చుట్టి, బుడ్డి నొక్కి గాలి కొడితే అంకెలు పైకి పోయేవి. నూట ఎనభై దాటాక వదిలితే, గాలి సన్నగా జారుతూ అంకెలు మెల్లమెల్లగా దిగేవి. నూట యాభై, నూట ముప్పై, నూట ఇరవై, నూరు, ఎనభై. అడుగుకి వచ్చాక పక్కపక్కన రెండు అంకెలు చూపించి ఆగాలి. ఆగేది కాదు. ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఒకటి వెలిగేది. ఎన్నిసార్లు చూసినా అంతే. నాన్న విప్పాడు. గాలి లీకు లేదు. అతుకులు బాగున్నాయి. కొత్త బ్యాటరీలు వేశాడు. మళ్ళీ అదే 'ఈ'.

"దీన్ని డాక్టరుకి చూపిద్దామే. ఆయనకేమైనా తెలుసేమో" అన్నాడు నాన్న.

"ఇంకోసారి వీధిలో నవ్వించుకుంటావా? నీకు సిగ్గు లేకపోయినా నాకుంది" అంది అమ్మ.

"పోనీ మీ తమ్ముడికి కబురు పెడదాం, పని చెయ్యట్లేదని."

"వాడు ఎడారిలో ఎండకి మాడి కొని పంపితే, చెడిపోయిందని చెబుతావా? నోరెట్టా వస్తుందయ్యా నీకు? బాగానే ఉంది అది. నువ్వు విప్పి కెలక్కుండా ఉంటే బాగానే ఉంటుంది."

కువైట్‌కి మేం ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు, క్యాసెట్‌లో మాట్లాడి పంపేవాళ్ళం. నాన్న టేపు నొక్కితే అమ్మ మాట్లాడేది. "తమ్ముడా, మిషన్ చానా బాగుంది. రోజూ చూసుకుంటున్నా. నా బీపీ బాగానే ఉంది. నువ్వు వేళకి తిను" అని చెప్పింది ఆ క్యాసెట్‌లో. మామ దాన్ని దాచి ఉంచి తర్వాత నాకిచ్చాడు. నా బీరువాలో ఉంది. ఒక్కసారి విన్నాను, మళ్ళీ వినలేదు.

ఆ తర్వాత నేను వచ్చినప్పుడల్లా "బీపీ ఎంతుందమ్మా?" అని అడిగేదాన్ని. "నూట ఇరవై. బాగానే ఉంది" అనేది. మిషన్ బాగుపడిందనుకున్నాను. నాన్నేమో ఆమె డాక్టరు దగ్గరికి పోతూనే ఉందనుకున్నాడు. డాక్టరు ఒకసారి దారిలో అడిగితే, "మాకు ఇంట్లోనే ఫారిన్ మిషన్ ఉందిలే అన్నా" అందట మూతి తిప్పి. ఆయన మళ్ళీ అడగలేదు. ఆమె చేసేదేమిటో పక్కింటామె చెబితే గానీ మాకు తెలియలేదు, అదీ అంతా అయిపోయాక. పట్టీ చుట్టుకుని గాలి కొట్టి, అంకెలు దిగుతూ నూట ఇరవై దగ్గరికి రాగానే, "ఆఁ, నూట ఇరవై" అని స్విచ్చి ఆపేసేదట. 'ఈ' వెలిగేదాకా ఉండేదే కాదట.

ఆ దిగే అంకె పట్టీలో ఉన్న గాలిది. మనిషిది కాదు. కట్టెకి చుట్టినా ఆ మిషన్ నూట ఇరవై మీదుగానే దిగుతుంది. ఆ సంగతి ఆమెకి నిజంగా తెలియదా, తెలిసే తమ్ముడి పరువు కోసం, మొగుడి పరువు కోసం అక్కడ ఆపుకుందా? ఇన్నేళ్ళూ ఆలోచించాను. ఒక రోజు అట్లా అనిపిస్తుంది, ఒక రోజు ఇట్లా. నూట ఇరవయ్యేనని మాత్రలు కూడా మానేసింది.

ఈ మధ్యలో మాచవరం రైతు ఒకరోజు కొట్టుకి వచ్చాడు. "భాయ్, టేపు చానా బాగుంది గానీ ఈ చెవిది పలకట్లేదు. ఎంత సౌండు పెట్టినా చీమ నడిచినంత చప్పుడు" అని ఆ నల్ల బిళ్ళ బల్ల మీద పెట్టాడు. నాన్న మీటర్ పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. "లోపల కాయిల్ తెగింది, ఇందులో ప్రాణం లేదు" అని వేరే ఇయర్‌ఫోన్ ఇచ్చి పంపాడు. ఆయన ఏ విరిగిన వస్తువూ పారేయడు. బిళ్ళని బల్ల మీదున్న బిస్కెట్ డబ్బాలో వేశాడు. తెగిన వైర్లు, పాత నాబులు, విరిగిన ఏరియల్ ముక్కలు ఉండే డబ్బా అది. అమ్మ రోజూ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి ఆ డబ్బా పక్కనే పెట్టేది.

ఆ ఏడు మిరపకాయలు ఎండబోసే రోజుల్లో, ఒక పొద్దున అమ్మ రొట్టె కాలుస్తూ అట్లకాడ జారవిడిచింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు. నాన్న పిలిస్తే పలకబోయిన మూతి ఒక పక్కకి పోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను గురజాల నుంచి ఏడుస్తూ బస్సెక్కాను. అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి నాన్న వైపు తిరిగింది. "ఇంత బీపీ పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారయ్యా? ఎవరూ చూడలేదా?"

"ఇంట్లో మిషన్ ఉందమ్మా. రోజూ చూసుకుంటది. డాక్టరు దగ్గరికి కూడా పోతందనుకున్నా" అన్నాడు నాన్న. నేను తల దించుకోలేదు, ఆయనే దించుకున్నాడు.

ప్రాణం దక్కింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. ఆకలేస్తే "బాగానే ఉంది." నొప్పిగా ఉంటే ఏడుస్తూ "బాగానే ఉంది." నీళ్ళు కావాలంటే చెంబు వైపు చూసి "బాగానే ఉంది." కోపమొచ్చినా అదే, గొంతు మాత్రం మారేది. మేం ఆమె కళ్ళు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకున్నాం.

మామ సెలవు దొరికించుకుని వచ్చాడు. అక్క కాళ్ళు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. కాస్త తేరుకుని, "మిషన్ తే బావా, ఇప్పుడెంతుందో చూద్దాం" అన్నాడు. అది షోకేసులో, అల్లిక గుడ్డ కప్పుకుని కూర్చుంది. నాన్న తెచ్చాడు. మామ పట్టీ చేతిలోకి తీసుకుని, లోపలి జేబు తడిమి, అటూ ఇటూ చూశాడు.

"బిళ్ళేది బావా?"

"ఏం బిళ్ళ?"

"మైకు బిళ్ళ. నల్లగా, చదునుగా ఉంటది. ఈ జేబులో దూర్చి మోచేతి మడత కాడ నరం మీద ఆనించాల. పిన్ను ఈ సన్న బెజ్జంలో పెట్టాల. నరం చప్పుడు అదే వింటది. డాక్టరు చెవి బదులు అది వింటది. అది లేకపోతే మిషన్ చెవిటిది, ఏం చెబుతది?"

నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టుకి పోయాడు. నేను వెంట పరిగెత్తాను. బిస్కెట్ డబ్బాని బల్ల మీద బోర్లించాడు. వైర్ల మధ్యలోంచి ఆ బిళ్ళ తీసి, పిన్ను చొక్కాతో తుడిచాడు. "శబ్దం బెజ్జమని నేనే చెప్పా గదమ్మా. బయటికొచ్చే శబ్దమనుకున్నా. లోపలికి పోయేదనుకోలా" అన్నాడు. ముప్పై ఏళ్ళు రేడియోల్లో బతికినవాడు. ఆయనకి బెజ్జంలోంచి పాట రావడమే తెలుసు.

ఇంటికొచ్చాం. మామ బిళ్ళని జేబులో దూర్చి, అమ్మ ఎడం చేతికి పట్టీ చుట్టాడు. నాన్న పిన్ను సన్న బెజ్జంలో పెట్టాడు. టక్కుమంది. మామ గాలి కొట్టి వదిలాడు. అంకెలు దిగడం మొదలుపెట్టాయి. నూట తొంభై కాస్త దాటి ఉండగానే మిషన్ పలికింది. కీక్, కీక్, కీక్. అంతకు ముందు మేం ఎన్నడూ వినని చప్పుడు. అమ్మ గుండె లెక్కనే అది కొట్టుకుంటోంది. నూట ఇరవై మీదుగా పోతూ కూడా అది ఆగలేదు. దానికి కాస్త కింద ఎక్కడో ఆగింది. 'ఈ' వెలగలేదు. రెండు అంకెలు పక్కపక్కన నిలబడ్డాయి, రెండూ పెద్దవే.

నాన్న మిషన్ వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాడు. "తప్పు నాదే, ఏమే. నేను గుర్తు పట్టలా" అన్నాడు.

అమ్మ ఎడం చెయ్యి లేపింది. పట్టీ, వైరు వేలాడుతుండగానే ఆ చేత్తో ఆయన చొక్కా పట్టుకుని, తమ్ముడి వైపు చూసి, మిషన్ వైపు చూసి, వంకర మూతితో నవ్వింది.

"బాగానే ఉంది" అంది.